ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఓనర్‌కు ఇచ్చే నోటీసు: చివరి రాత్రి తేదీ ఎలా లెక్కపెట్టాలి

నాకు తెలిసిన ఒకావిడ "నెల రోజుల్లో ఖాళీ చేస్తాను" అని ఒక్క ముక్క రాసి ఓనర్‌కు ఇచ్చింది. ఆవిడ ఉత్తరం రాసిన రోజు నుంచి లెక్కపెట్టుకుంది, ఆయన ఉత్తరం తన చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాడు. తేడా వచ్చిన రోజుల అద్దె అడ్వాన్స్‌లో కోసుకున్నాడు. ఉత్తరంలో తేదీ లేదు కాబట్టి ఆవిడ ఏమీ అనలేకపోయింది. ఈ ఉత్తరం రాసిపెడతామని డబ్బులు తీసుకునే మధ్యవర్తులు కూడా చాలాసార్లు అదే ఒక్క ముక్క రాసిస్తారు. మీరే రాసుకోండి, అర పేజీ పని.

పైన తేదీ, ఓనర్ పేరు, మీ పేరు, ఇంటి చిరునామా, కింద సంతకం. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు. తప్పంతా తేదీ దగ్గరే.

ముందు అగ్రిమెంట్ తీసి నోటీసు గురించి ఉన్న వాక్యం చదవండి. "30 రోజులు" అని ఉందా, "ఒక నెల" అని ఉందా చూడండి, రెండూ ఒకటి కాదు. జూలై 3న ఇచ్చిన నోటీసుకు 30 రోజులంటే ఆగస్టు 2, ఒక నెల అంటే ఆగస్టు 3. కొన్ని అగ్రిమెంట్లలో నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలని ఉంటుంది, అలా ఉంటే నెల మధ్యలో తేదీ వేసినా అద్దె నెలాఖరు దాకా అడుగుతారు. ఫలానా నెలల వరకు ఖాళీ చేయకూడదన్న షరతు ఉంటే, ఆ గడువు అయిపోయిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక లెక్క. నోటీసు 30 రోజులు, ఉత్తరం మీద తేదీ జూన్ 3 అనుకుందాం. ఉత్తరం ఇచ్చిన రోజును మామూలుగా లెక్కలోకి తీసుకోరు, కాబట్టి జూన్ 4 మొదటి రోజు. జూన్ 30కి 27 రోజులు అవుతాయి, ఇంకో మూడు కలిపితే జూలై 3. అంటే జూలై 3 కూడా పూర్తిగా మీదే, ఆ రాత్రి అక్కడ పడుకోవచ్చు. చాలామంది జూన్ 3ను కూడా కలిపేసి జూలై 2 అని రాస్తారు, అప్పుడు నోటీసు ఒక రోజు తక్కువైందని ఓనర్ అనవచ్చు.

కానీ 3వ తేదీ రాత్రి 12 దాటితే 4వ తేదీ వచ్చేస్తుంది, తాళాలు తెల్లారి ఇస్తే ఇంకో రోజు అద్దె అడిగే ఓనర్లు ఉన్నారు. అందుకే "జూలై 3న ఖాళీ చేస్తాను" అని ఆపేయకుండా రాత్రిని, తాళాలిచ్చే సమయాన్ని విడివిడిగా రాయండి:

"ఈ నోటీసు తేదీ జూన్ 3. దీని నుంచి లెక్కిస్తే 30వ రోజు జూలై 3. ఈ ఇంట్లో మా చివరి రాత్రి జూలై 3 రాత్రి. జూలై 4 ఉదయం 9 గంటలకు తాళాలు అప్పగిస్తాం. అద్దె జూలై 3 వరకు లెక్కించగలరు."

ఆ ఉదయానికి ఓనర్ ఒప్పుకోకపోతే టెన్షన్ పడకండి. తాళాలు 3వ తేదీ సాయంత్రమే ఇస్తామని, చివరి రాత్రి జూలై 2 అని మార్చి రాయండి, అద్దె మాత్రం 3 వరకే.

ఇదంతా ఉత్తరం జూన్ 3నే ఓనర్ చేతికి అందితేనే నిలబడుతుంది. 3న రాసి 5న ఇస్తే, ఆయన 5 నుంచి లెక్కపెట్టి జూలై 5 అంటాడు, అప్పుడు వాదించడం కష్టం. కాబట్టి ఇచ్చే రోజునే తేదీ వేయండి. పోస్టులో పంపితే దారిలో పట్టే రోజులు ముందే కలుపుకుని చివరి రాత్రిని అన్ని రోజులు తర్వాతి తేదీకి జరపండి, అందినట్టు సంతకం తెచ్చే పద్ధతిలోనే పంపండి. చేతికిస్తే రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద "అందింది" అని తేదీ వేయించి సంతకం చేయించుకోండి. ఆ సంతకం అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ, తర్వాత ఇబ్బంది పడేదీ వాళ్లే. ఆయన సంతకం పెట్టనంటే అదే రోజు ఉత్తరం ఫోటో తీసి ఆయనకు మెసేజ్ పంపండి, అసలు ఉత్తరాన్ని పోస్టులో కూడా పంపండి.

ఇచ్చాక మీ ప్రయాణం వాయిదా పడితే పాత కాగితం మీద తేదీ కొట్టేసి దిద్దకండి. పాత నోటీసు తేదీ చెబుతూ కొత్త ఉత్తరం రాసి, కొత్త చివరి రాత్రి వేసి, ఓనర్ ఒప్పుకున్నట్టు దాని మీద సంతకం తీసుకోండి. ఆయన ఈలోగా ఇంకొకరికి ఇల్లు మాటిచ్చేసి ఉండవచ్చు, అప్పుడు మీ పాత తేదీకే ఖాళీ చేయాల్సి వస్తుంది.