టీమ్స్ ఛానెల్‌లో లెక్చర్ రికార్డింగ్ మాయమైతే ఎలా వెనక్కి తెచ్చుకోవాలి?

"సార్, రాత్రి దాకా ఉంది, పొద్దున్నే లేదు. ఎవరో డిలీట్ చేశారు!" పోయిన డిసెంబర్ 7న మా మూడో ఏడాది కుర్రాడు ఇలా పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే క్లాసు గ్రూపులో ఒకరి మీద ఒకరు నింద వేసుకోవడం కూడా అయిపోయింది.

మొదట లెక్కపెట్టండి. ఆ లెక్చర్ ఆగస్టు 8న జరిగింది. దానికి 120 రోజులు కలిపితే డిసెంబర్ 6. మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీటింగ్ రికార్డింగులకు మామూలుగా పెట్టే గడువు అదే. కాలేజీ అడ్మిన్ దాన్ని మార్చి ఉండొచ్చు. వీడియోను రోజూ చూసినా గడువు పెరగదు. సెమిస్టర్ మొదట్లో చెప్పిన పాఠాలు సరిగ్గా పరీక్షల ముందు పోయేది ఇందుకే.

లెక్క కుదరకపోతే ఛానెల్ ఫైళ్లలో `Recordings` ఫోల్డర్ తెరిచి చూడండి. లింకు పోయినా ఫైలు అక్కడే ఉండొచ్చు. ఇది రెండు నిమిషాల పని.

లెక్క కుదిరినా, అక్కడ లేకపోయినా సార్‌ని అడగాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "సార్, వీడియో పోయింది" అంటే ఆయన తన వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ చూసి, "లేదమ్మా" అనేస్తారు. ఆయన తప్పేం లేదు, మామూలు మీటింగ్ రికార్డింగ్ అయితే వన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. కానీ ఛానెల్‌లో పెట్టిన మీటింగ్ రికార్డింగ్ ఆ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌లోకి వెళ్తుంది. గడువు తీరాక పడేదీ ఆ సైట్ రీసైకిల్ బిన్‌లోనే. మీరు వెతికినా కనిపించదు. విద్యార్థులకు ఎవరు డిలీట్ చేసినవి వాళ్లకే కనిపిస్తాయి. టీమ్ ఓనర్‌కైతే అన్నీ కనిపిస్తాయి.

కాబట్టి సార్‌కి ఇలా రాయండి: "ఆగస్టు 8 లెక్చర్ గడువు తీరింది. ఛానెల్ ఫైళ్లలో `Open in SharePoint` నొక్కి, ఎడమ పక్కన `Recycle bin`లో చూసి `Restore` చేయగలరా సార్?" తేదీ, ఛానెల్ పేరు తప్పకుండా ఉండాలి. నేనైతే ఫోన్ చేయను, మెసేజే పెడతాను. క్లాసుకు వెళ్తున్న మనిషికి ఫోన్లో చెప్పింది గుర్తుండదు. కొందరు నేరుగా ఐటీ వాళ్ల దగ్గరికి పరిగెడతారు. వాళ్లు టికెట్ పెట్టమంటారు, ఈలోపు పరీక్ష అయిపోతుంది.

బిన్‌లో ఫైలు 90 రోజులుంటుంది. ఆ కుర్రాడిది మరుసటి రోజే కాబట్టి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. అలా తెచ్చిన ఫైలుకు మళ్లీ గడువు ఉండదు. కానీ మిగతా ఆగస్టు పాఠాలు వరసగా పోతూనే ఉంటాయి. గడువు తేదీ మార్చమని అదే మెసేజ్‌లో అడిగేయండి. ఆ కుర్రాడు అడగలేదు, ఆగస్టు 11 పాఠం కోసం మూడు రోజులకే మళ్లీ వచ్చాడు.