తుఫాను స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు పై పట్టీ కత్తిరించకండి

పోయిన తుఫానుకి మా బంధువుల అబ్బాయి భుజం ఎముక విరిగింది. రాజోలు వైపు రొయ్యల చెరువు చూసుకుంటాడు. కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ వేయాలి. గాలి ఎప్పుడు తగ్గుతుందా అని ఊరి వాట్సాప్ గ్రూప్ చూశాడు. అందులో ఎవరో పెట్టిన వాతావరణ యాప్ స్క్రీన్‌షాట్ ఉంది. తెల్లవారుజామున నాలుగు దాటాక గాలి గీత కిందికి దిగిపోతోంది. నాలుగుంపావుకి చెరువు గట్టు మీదికి వెళ్ళాడు. పక్క షెడ్డు రేకు ఎగిరొచ్చి తగిలింది.

ఆ స్క్రీన్‌షాట్ తీసింది కువైట్‌లో ఉన్న వాళ్ళ బావ. అందులో నాలుగంటే కువైట్ నాలుగు, మనకి ఆరున్నర. గ్రూప్‌లో పెట్టినాయన బొమ్మ నీటుగా ఉంటుందని పైన గంట కనిపించే పట్టీ కత్తిరించి పెట్టాడు. ఆ పట్టీ ఉండుంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి తుఫాన్ల కాలం. కొవ్వొత్తులు, మంచినీళ్ళు, ఛార్జింగ్ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఈ ఒక్క పట్టీ గురించి.

ముందు గడియారం. కువైట్, సౌదీ, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. సింగపూర్, మలేషియా రెండున్నర గంటలు ముందు. డల్లాస్ ఎండాకాలం లెక్కలో పదిన్నర గంటలు వెనక, నవంబర్ మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన గడియారంలో అర్ధరాత్రి అయినప్పుడు కువైట్ ఫోన్‌లో 9:30 PM, డల్లాస్ ఫోన్‌లో 28 మధ్యాహ్నం 1:30 PM. గాలి మాత్రం ఒకటే.

వెనకున్న దేశం నుంచి వచ్చిన బొమ్మను మన టైమ్ అనుకుంటే, తుఫాను అసలుకంటే ముందే వెళ్ళిపోతుందని నమ్ముతాం. మా బంధువుల అబ్బాయికి జరిగింది అదే. ముందున్న దేశం నుంచి వచ్చిందైతే, అసలుకంటే ఆలస్యంగా వస్తుందని నమ్మి సామాను సర్దకుండా కూర్చుంటాం. రెండూ ప్రమాదమే.

అమెరికా బొమ్మని పట్టుకోవడం కష్టం కాదు. వేడి °Fలో, గాలి mphలో, వాన అంగుళాల్లో, తేదీ 10/28 అని నెల ముందు. పైన సిగ్నల్ పక్కన 5G UC, 5G UW లాంటివి ఉంటే అది అక్కడి నెట్‌వర్క్. మన వైపు °C, km/h, మిల్లీమీటర్లు. మనల్ని ముంచేది గల్ఫ్ బొమ్మ. అక్కడా °Cనే, km/hనే. తేడా రెండున్నర గంటలే కాబట్టి ఏ టైమ్ చూసినా నిజంలాగే ఉంటుంది. మన జిల్లాల నుంచి ఎక్కువమంది ఉన్నది కూడా అక్కడే.

యాప్ తెలుగులో ఉంటే మన ఊరిదే అనుకోకండి. కువైట్‌లో డ్రైవర్‌గా చేసే మన వాళ్ళ ఫోన్‌లో కూడా తెలుగే ఉంటుంది. పైన రెండు సిగ్నల్ గుర్తులుంటే ఇండియా ఫోన్ అనుకోవడమూ తప్పే. బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్ కూడా వేసుకునే ఉంటారు. 18:11 అని ఇరవైనాలుగు గంటల లెక్కలో ఉన్నంత మాత్రాన విదేశం కాదు. అది సెట్టింగ్, ఎవరైనా మార్చుకోవచ్చు. వైఫై గుర్తు మాత్రమే ఉంటే దేశం సంగతి ఏమీ తెలియదు. భాష, యూనిట్లు, సిగ్నల్ గుర్తులు అనుమానం పుట్టించడానికి పనికొస్తాయి. తేల్చేది గంటే.

ఎలా తేల్చాలంటే, మా గ్రూప్‌కి వచ్చిన ఒక బొమ్మనే తీసుకోండి. వాట్సాప్‌లో ఆ మెసేజ్ కింద రాత్రి 8:42 అని ఉంది. అది మీ ఫోన్ వేసిన టైమ్, అంటే మన టైమ్. బొమ్మ పై పట్టీలో 6:11 ఉంది. తేడా రెండు గంటల ముప్ఫై ఒక నిమిషం. పంపడానికి పట్టిన నిమిషం తీసేస్తే సరిగ్గా రెండున్నర. కాబట్టి అది కువైట్ గడియారంలో నడిచే ఫోన్. మన టైమ్‌లో అరగంట ముక్క ఉంది కాబట్టి చాలా దేశాలతో తేడా ఇలా ముప్ఫై నిమిషాల దగ్గరే ఆగుతుంది. తేడా సున్నా వస్తే మనిషి ఎక్కడున్నా మనకి ఇబ్బంది లేదు. మనకి కావలసింది దేశం కాదు, గడియారం.

అక్కడితో ఆగి రెండున్నర కలిపేయకండి. కొన్ని యాప్‌లు ఫోన్ టైమ్ చూపిస్తాయి, కొన్ని వెతికిన ఊరి టైమ్ చూపిస్తాయి. యాప్ లోపల మొదటి గంట, లేదా Now అన్న గుర్తు దగ్గరున్న గంట చూడండి. పై పట్టీలో 6:11 ఉండి లోపల మొదటి గడి కూడా ఆరే అయితే యాప్ ఫోన్ గడియారం మీద నడుస్తోంది, రెండున్నర కలపాలి. లోపల ఎనిమిదో తొమ్మిదో ఉంటే అది ఇప్పటికే మన ఊరి టైమ్, ఏమీ కలపకూడదు. పట్టీ లేకపోతే ఈ రెండు పరీక్షల్లో ఏదీ చేయలేం. అందుకే కత్తిరించకండి అంటున్నాను.

ఈ లెక్క అప్పుడే తీసి నేరుగా పంపిన బొమ్మకే పనిచేస్తుంది. ఫార్వర్డ్ అని బాణం గుర్తు ఉంటే తీసిన టైమ్‌కీ వచ్చిన టైమ్‌కీ సంబంధం ఉండదు. దాన్ని వదిలేయండి. పట్టీలో గంట ఉంటుంది, తేదీ మాత్రం ఉండకపోవచ్చు. పాత తుఫాను బొమ్మలు మళ్ళీ తిరిగేది ఆ సందులోంచే.

వాతావరణ శాఖ బులెటిన్‌లో IST అని ఉంటే మన టైమ్. ఉపగ్రహ చిత్రం మీద UTC అని ఉంటే ఐదున్నర గంటలు కలపండి. 0300 UTC అంటే మన ఉదయం ఎనిమిదిన్నర.

కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న బావలకి, బాబాయిలకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, గాలి మొదలయ్యాక కాదు. బొమ్మ పంపితే కింద చేత్తో "ఇది ఇక్కడి టైమ్" అని రాయమనండి. నోటిఫికేషన్ల పరదా కొంచెం కిందికి లాగితే చాలా ఫోన్లలో తేదీ కనిపిస్తుంది, అది కూడా ఒక స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. పట్టీలో పర్సనల్ నోటిఫికేషన్ గుర్తులుంటే వాటి మీద రంగు పూయండి, గంట మీద పూయకండి. పట్టీ లేని బొమ్మ గ్రూప్‌లోకి వస్తే అడ్మిన్ తీసేయాలి. పెద్దాయన పెట్టినా తీసేయాలి. "నాలుగింటికి తగ్గుతుందంట" అని నోటిమాటగా చెప్పకండి, ఎవరి నాలుగో చెప్పండి. గీత దిగిందని గాలి ఆగినట్టు కాదు. తుఫాను కన్ను తీరం దాటేటప్పుడు కాసేపు గాలి పడిపోయి మళ్ళీ ఎదురువైపు నుంచి కొడుతుంది. స్క్రీన్‌షాట్ చూసి పడవ తీయకండి. స్క్రీన్‌షాట్ చూసి రేవు దాటకండి. జనరేటర్‌ని ముందు రోజే గట్టు మీద కాకుండా గోడ చాటున పెట్టుకోండి. పట్టీ కత్తిరించకండి. కత్తిరించి పంపినవాళ్ళని అసలుది అడగండి. వచ్చేదాకా ఇంట్లోంచి కదలకండి.