గుర్తింపు కార్డు ఫొటో తీసేశాక టైపు చేసిన పాఠంలో నంబరు ఎలా బయటపడుతుంది?

దస్త్రంలోంచి గుర్తింపు కార్డు ఫొటోను తీసేసి, అందులో ఏముందో టైపు చేసి పెట్టమంటారు. చిన్న పనే అనిపిస్తుంది. కానీ ఫొటోలోని నంబరును కళ్లతో చదువుకోవాలి, టైపు చేసిన నంబరునైతే ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. అందుకే దాచడంలో జరిగే పొరపాటు ఫొటోలోకంటే పాఠంలోనే ఎక్కువ నష్టం చేస్తుంది.

సమస్య: నంబరు దాచాను, అయినా ఎవరో చదివేశారు

పాస్‌పోర్టు విషయంలో దీనికి కారణం దాదాపు ఎప్పుడూ పేజీ అడుగునే ఉంటుంది. అక్కడ బాణాల్లాంటి గుర్తులతో నిండిన రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసలో 44 అక్షరాలు. అవి యంత్రం చదవడానికి పెట్టినవి కాబట్టి మన కన్ను వాటిని అలంకారంలా దాటేస్తుంది, చెయ్యి మాత్రం యథాతథంగా టైపు చేస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన 9303 పత్రంలో ఇచ్చిన కల్పిత నమూనాలో రెండో వరుస ఇలా ఉంటుంది:

```
L898902C36UTO7408122F1204159ZE184226B<<<<<10
```

మొదటి తొమ్మిది అక్షరాలు పాస్‌పోర్టు నంబరు. ఆ పక్కన ఉన్న 6 చెక్ డిజిట్, అంటే నంబరు సరిగా చదివారో లేదో తేల్చే అంకె. తర్వాత దేశం, పుట్టిన తేదీ (74 08 12), గడువు తేదీ, చివర వ్యక్తిగత సంఖ్య. పైన ఎంత జాగ్రత్తగా దాచినా ఇక్కడ అన్నీ మళ్లీ వరసగా ఉన్నాయి.

సమస్య: ఒక్క అంకె మాత్రమే దాచాను, అదీ దొరికిపోయింది

కొందరు ఈ వరుసలో ఒకటి రెండు అంకెలకు X పెట్టి వదిలేస్తారు. చెక్ డిజిట్ ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు. లెక్క చేసి చూద్దాం. పై నంబరులో చివరి 3ను దాచామనుకోండి. అక్షరాలకు విలువలుంటాయి: A అంటే 10, అలా L అంటే 21, C అంటే 12. ప్రతి అక్షరం విలువనూ వరసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కూడాలి:

```
147 + 24 + 9 + 56 + 27 + 0 + 14 + 36 = 313
```

మొత్తాన్ని 10తో భాగిస్తే మిగిలేదే చెక్ డిజిట్. అది 6 అని వరుసలోనే కనిపిస్తోంది. 313కి ఎంత కలిపితే చివర 6 వస్తుంది? 3. దాచిన అంకె దొరికింది. రెండు అంకెలు దాచితే వందకు బదులు పది జతలే మిగులుతాయి.

పరిష్కారం: ఆ రెండు వరుసలను అసలు టైపు చేయకండి. ఆ స్థానంలో "[యంత్రం చదివే రెండు వరుసలు తొలగించాం]" అని రాయండి. పై నంబరు దగ్గర కూడా X లతో కాకుండా "[పత్రం సంఖ్య దాచాం]" అని మొత్తంగా మార్చండి. X ల లెక్కను బట్టి నంబరు పొడవు తెలుస్తుంది, పొడవును బట్టి ఒక్కోసారి అది ఏ రకం పత్రమో కూడా తెలుస్తుంది. క్యూఆర్ కోడ్ ఉంటే "[క్యూఆర్ కోడ్ ఉంది]" అంటే చాలు. స్కాన్ చేసి లోపలున్నది రాయాలన్న ఉబలాటం కొందరికి ఉంటుంది, దయచేసి వద్దు.

సమస్య: ఇంటి నంబరు తీసేసినా ఇల్లు తెలిసిపోతోంది

వీధి పేరు, తపాలా కోడ్, ఇంటిపేరు మూడూ మిగిలితే ఇంటి నంబరు లేకపోయినా ఒకటే. పైగా కార్డు జారీ చేసిన కార్యాలయం పేరు ప్రాంతాన్ని బయటపెడుతుంది. చిరునామా గడి మొత్తాన్ని ఒకే పదంతో మార్చండి. చదివేవారికి ఊరి పేరు నిజంగా అవసరమైతేనే ఉంచండి. చాలాసార్లు అవసరం ఉండదు.

సమస్య: అన్నీ చెరిపేశాను, పాత రూపం ఇంకా కనిపిస్తోంది

ఇది నా అనుభవమే. మొదట అన్నీ టైపు చేసి, తర్వాత తీరిగ్గా నంబర్లు చెరిపాను. పత్రం మార్పుల చరిత్రలో మొదటి రూపం చెక్కుచెదరకుండా ఉంది. చెరిపినది కొత్త కూర్పులోనే, పాతది అలాగే నిల్వ ఉంటుంది. కాపీ చేసిన ముక్కలైతే విండోస్‌లో క్లిప్‌బోర్డు చరిత్ర ఆన్‌లో ఉంటే Win+V నొక్కగానే కనిపిస్తాయి.

అప్పటినుంచి క్రమం తిరగేశాను. ముందు ఫొటో నకలు తీసి నంబర్లు, చిరునామా, అడుగు వరుసలపై గట్టి నల్ల పెట్టెలు గీస్తాను. ఫోనులోని హైలైటర్ పెన్ను వాడను. దాని కింద అంకెలు మసకగా ఉండిపోయి, వెలుగు పెంచితే తేలతాయి. ఆ కప్పిన నకలునే ఎదురుగా పెట్టుకుని టైపు చేస్తాను. కంటికి కనపడనిది చేతిలోంచి రాదు. ఇప్పటికే చరిత్రలో పడిపోయి ఉంటే చెరిపినంత మాత్రాన లాభం లేదు. శుభ్రమైన పాఠాన్ని కొత్త దస్త్రంలో పెట్టి పాతదాన్ని పూర్తిగా తొలగించాలి.

చివరగా Ctrl+F నొక్కి, అసలు కార్డు చూస్తూ నంబరులోని చివరి నాలుగు అంకెల కోసం, తర్వాత తపాలా కోడ్ కోసం వెతకండి. ఒక్క ఫలితం వచ్చినా, అది ఏ గడిలోంచి వచ్చిందో చూసి ఆ గడి మొత్తాన్ని మార్చండి.