పండక్కి ఊరెళ్లి అక్కణ్నుంచే పని చేద్దామనుకుంటున్నారా? హాట్‌స్పాట్ విషయంలో ముందే చూసుకోవాల్సినవి

సంక్రాంతికి ఊరెళ్లి, కనుమ మర్నాటి నుంచి అక్కడే కూర్చుని ఆఫీసు పని చేసుకుందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయినేడు నేనూ అలాగే ల్యాప్‌టాప్ పట్టుకుని కోనసీమలో మా అత్తగారి ఊరు వెళ్లాను. హైదరాబాద్‌లో ఇంట్లో వైఫై ఆగినప్పుడల్లా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే గట్టెక్కేదాన్ని, ఏ రోజూ ఇబ్బంది రాలేదు. ఊళ్లో మాత్రం ఉదయం 9కి ల్యాప్‌టాప్ తెరిస్తే 10:40కి ఆ రోజు డేటా మొత్తం అయిపోయిందని మెసేజ్ వచ్చింది. 11 గంటలకు మీటింగ్. అప్పటికి నేను చూసింది మెయిల్, రెండు ఎక్సెల్ ఫైళ్లు, అంతే.

తేడా ఎక్కడొచ్చిందంటే, నాది రోజుకు 2 జీబీ ప్లాన్, దానితో పాటు అన్‌లిమిటెడ్ 5జీ. ఆ అన్‌లిమిటెడ్ అనేది ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. ఊళ్లో మా ఇంట్లో 4జీయే వస్తుంది, దాని మీద వాడిన ప్రతి ఎంబీ ఆ 2 జీబీలోంచే పోతుంది. హాట్‌స్పాట్‌కి మా ప్లాన్‌లో వేరే కోటా అంటూ లేదు, ఫోన్ వాడినా ల్యాప్‌టాప్ వాడినా తరిగేది ఒకటే. కాబట్టి బయల్దేరేముందు ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, మీ సిమ్ కంపెనీదే వాళ్ల 5జీ ఫోన్లో ఇంటి లోపల పైన 5జీ అని కనిపిస్తోందా, 4జీ అనా అని అడగండి. 4జీ అంటే మీ ప్లాన్‌లో రోజువారీ లిమిట్ ఎంతో దాన్నే లెక్కలోకి తీసుకోండి.

లిమిట్ దాటితే నెట్ పూర్తిగా ఆగదు. చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ దిగడానికి రెండు నిమిషాల పైనే, 5 ఎంబీ ఫైలుకు పది నిమిషాలు. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫోటో మాత్రం వెళ్లదు. ఈ లక్షణాలు కనిపిస్తే ఫోన్‌ని ఆపి ఆన్ చేయడం, సిమ్ తీసి పెట్టడం లాంటివి చేస్తూ టెన్షన్ పడకండి, అది కోటా అయిపోవడమే. డేటా ప్యాక్ వేసుకుంటే వేగం వెంటనే తిరిగొస్తుంది, లేదంటే సాధారణంగా రాత్రి 12 దాకా ఆగాలి. అమెరికా క్లయింట్‌తో రాత్రి 10కి కాల్ ఉన్నవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి, పగలంతా వాడేశాక మిగిలేది ఆ నెమ్మది నెట్టే.

నా 2 జీబీ ఎటు పోయిందో ఆ సాయంత్రం కూర్చుని చూశాను. విండోస్‌లో Data usage అనే పేజీలో ఏ యాప్ ఎంత వాడిందో ఉంటుంది. వన్‌డ్రైవ్ 900 ఎంబీ, విండోస్ అప్‌డేట్ దాదాపు 700, నా అసలు పని 150 కూడా లేదు. మిగతాది మా ఆడపడుచు కొడుకు ఫోన్. ముందురోజు వాడికి పాస్‌వర్డ్ ఇచ్చాను, వాడు దగ్గర్లోకి వచ్చినప్పుడల్లా ఫోన్ దానంతటదే కలిసి, భోగి మంట దగ్గర తీసిన వీడియోలన్నీ బ్యాకప్ చేసుకుంటోంది. ల్యాప్‌టాప్‌కి గానీ వాడి ఫోన్‌కి గానీ నా హాట్‌స్పాట్ వైఫైలా కనిపిస్తుంది. వైఫై అంటే ఎంతైనా వాడుకోవచ్చు అని వాటి లెక్క.

అందుకే ఊరికి బయల్దేరేముందే, ఇంటి వైఫై మీద ఉండగా విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి. తర్వాత ఒకసారి హాట్‌స్పాట్‌కి కలిపి, Settings లో Network & internet, అందులో Wi-Fi, ఆ హాట్‌స్పాట్ పేరు properties లోకి వెళ్లి Metered connection ఆన్ చేయండి. ఇకనుంచి ఆ పేరుతో కలిసినప్పుడల్లా పెద్ద అప్‌డేట్లు దిగవు, వన్‌డ్రైవ్ ఆగి ఉంటుంది. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ కూడా మార్చుకోండి. పిల్లలకు కావాలంటే పని అయ్యాక ఇవ్వచ్చు.

ఇక మధ్యలో తెగిపోవడం. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టిన కారణం రెండో సిమ్. చాలా ఫోన్లలో రెండు సిమ్‌లున్నా, ఒకదాని మీద కాల్ మాట్లాడుతుంటే రెండోదాని డేటా ఆగిపోతుంది. నా డేటా ఒక సిమ్ మీద, చుట్టాలందరి దగ్గరా ఉన్న నంబర్ ఇంకోదాని మీద. మీటింగ్ మధ్యలో మా పిన్ని ఫోన్ చేసింది, ఎత్తి "తర్వాత చేస్తాను పిన్నీ" అనేలోపే అటు స్క్రీన్ బిగుసుకుపోయింది. మీటింగ్ ఉన్నంతసేపూ రెండో సిమ్‌ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయడమే ఖాయమైన మందు. ఒకే సిమ్ ఉన్నా, వోల్టీ ఆన్‌లో లేకపోతే కాల్ వచ్చినప్పుడు డేటా పోతుంది, అదీ చూసుకోండి.

మీరు కాసేపు ల్యాప్‌టాప్ మూసి భోజనానికి వెళ్తే ఫోన్ హాట్‌స్పాట్‌ని తానే కట్టేస్తుంది. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ పేజీలోనే ఆ టైమ్ మార్చుకోవచ్చు. ఐఫోన్ అయితే కలిపేటప్పుడు Personal Hotspot పేజీ తెరిచే ఉంచాలి, పాత ల్యాప్‌టాప్‌కి కనిపించకపోతే అక్కడే ఉన్న Maximize Compatibility ఆన్ చేయాలి.

నెమ్మదిగా ఉన్నప్పుడు తప్పెక్కడో తేల్చుకోవడం తేలికే. ముందు ఫోన్లోనే స్పీడ్ టెస్ట్ చేయండి, వెంటనే ల్యాప్‌టాప్‌లో చేయండి. ఒక్కో టెస్ట్ డేటా బాగానే తింటుంది కాబట్టి ఒక్కసారి చాలు. ఫోన్లోనే తక్కువొస్తే సిగ్నల్ బలహీనం, లేదా టవర్ మీద రద్దీ. పండగ సాయంత్రాలు ఊరంతా ఫోన్ల మీదే ఉంటుంది, దానికి మనం చేయగలిగింది తక్కువ, పెద్ద ఫైళ్లు తెల్లవారుజామున పంపుకోవాలి. ఫోన్లో బాగుండి ల్యాప్‌టాప్‌లో రాకపోతే ఆ రెంటి మధ్య వైఫై బాలేదన్నమాట. యూఎస్‌బీ కేబుల్ పెట్టి USB tethering ఆన్ చేయండి. కేబుల్ డేటాది అయి ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవకరకం కేబుల్‌తో ఆ ఆప్షన్ వెలగదు. మా ఇంట్లో పాత మందపాటి గోడలు, గది మధ్యలో రెండు గీతలే. పొడవాటి కేబుల్‌తో ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టాకే పని సాగింది. ఎండ నేరుగా పడకుండా చూడండి, వేడెక్కితే ఫోన్ నెమ్మదిస్తుంది.

అమెరికా నుంచి మా మరిది ఫోన్‌లో అడిగాడు: "నా ఫోన్లో నెట్ పరుగెడుతోంది, ల్యాప్‌టాప్‌కే రావట్లేదు, ఎందుకొదినా?" అని. అక్కడి లెక్క వేరు. ఫోన్ డేటా అన్‌లిమిటెడ్ అన్నా, చాలా ప్లాన్లలో హాట్‌స్పాట్‌కి విడిగా నెలకిన్ని జీబీలని ఉంటుంది, అవి అయ్యాక హాట్‌స్పాట్ ఒక్కటే నెమ్మదిస్తుంది. వాడుతున్నది ఫోనా, హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాపా అన్నది కంపెనీకి తెలిసే దారులు ఉన్నాయి. ఉదాహరణకు, ఫోన్ పంపే ప్రతి డేటా ప్యాకెట్ మీద సాధారణంగా 64 అనే అంకె ఉంటుంది, ఒక్కో మెట్టు దాటేకొద్దీ ఒకటి తగ్గుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌ది 128తో మొదలై, ఫోన్ దాటేసరికి 127 అవుతుంది. ఆ తేడా చూసి పట్టేస్తారు. కేబుల్ మార్చినా, ల్యాప్‌టాప్ మార్చినా అక్కడ వేగం రాదు. ప్లాన్ వివరాల్లో హాట్‌స్పాట్ అని విడిగా రాసిన వరుసలో ఎన్ని జీబీలున్నాయో చూసుకోమన్నాను. 15 జీబీ అట, నెల మొదటి వారంలోనే అయిపోయాయి.