ఫార్మల్ షర్టు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారా? కాలర్, చేతి, ఛాతీ కొలతలు ఎలా రాయాలి?

బరంపురంలోని మా షాపు నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం దాకా షర్టులు పార్శిల్‌లో పంపుతుంటాం. మొదట్లో ఫోటో పెట్టి, కింద ‘సైజు 40’ అని మాత్రమే రాసేవాణ్ని. గుణుపురం మాస్టారు ఒకరు షర్టు వెనక్కి పంపి ఫోన్ చేశారు. “ఛాతీ దగ్గర బాగానే ఉంది బాబూ, పై బొత్తం పెట్టుకుంటే మాత్రం గొంతు పట్టేస్తోంది” అన్నారు.

తప్పు నాదే. టైలర్ దగ్గర 40 అంటే ఛాతీ అంగుళాలు. ఆయన అలాగే అనుకున్నారు. కానీ రెడీమేడ్ ఫార్మల్ షర్టుల్లో చాలా కంపెనీల లేబుల్ మీద 40 అంటే కాలర్ సెంటీమీటర్లు, అంటే పదిహేనుముప్పావు అంగుళాలు. మాస్టారి మెడే 16 అంగుళాలు. ఆయనకు 42 కాలర్, అంటే దాదాపు పదహారున్నర అంగుళాలు కావాలి. అందుకే లేబుల్ అంకె ఒక్కటే రాసి వదిలేయకండి. అది ఏ కొలతో రాసి, ఆ పైన షర్టును టేపుతో మీరే కొలవండి.

ముందు కాలర్. బొత్తం తీసి కాలర్ పట్టీని బల్ల మీద తిన్నగా పరవండి. బొత్తం మధ్య నుంచి అవతలి కాజాలో అంచు వైపు కొస దాకా కొలవండి. తొడుక్కున్నప్పుడు బొత్తం జరిగి నిలిచేది ఆ కొసలోనే. పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిస్తే అంగుళం పైనే ఎక్కువ వస్తుంది, కొన్నవాళ్ల మెడ బిగుస్తుంది.

తర్వాత ఛాతీ. బొత్తాలన్నీ పెట్టి, ముడతలు సర్ది, చంక కుట్టుకు అంగుళం కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు కొలవండి. గుడ్డను లాగకండి. 21½ వస్తే షర్టు ఛాతీ 43. ఇది షర్టు కొలతే తప్ప మనిషి కొలత కాదని స్పష్టంగా రాయాలి. నా దగ్గర ఎక్కువ గొడవ వచ్చింది ఇక్కడే. 43 అని చూసి 43 ఛాతీ ఉన్నాయన కొంటే బొత్తాలు పడవు. మనిషి ఛాతీకి, షర్టు ఛాతీకి మధ్య మూడు అంగుళాలుంటే ఒంటికి దగ్గరగా కూర్చుంటుంది. నాలుగైదుంటే హాయిగా ఉంటుంది. రెండే ఉంటే కూర్చున్నప్పుడు బొత్తాల మధ్య సందు కనిపిస్తుంది.

చేతి పొడవు భుజం కుట్టు నుంచి కఫ్ అంచు దాకా కొలవండి. కొందరు మెడ వెనక మధ్య నుంచి కొలుస్తారు. భుజం వెడల్పు 18, చేయి 25 ఉన్న షర్టుకు ఆ లెక్కలో 34 వస్తుంది. ఎక్కడి నుంచి కొలిచారో చెప్పకపోతే అది అదే షర్టని ఎవరికీ తెలియదు.

ఇక తొడుక్కుంటే ఎలా ఉంటుందన్నది. ‘కంఫర్టబుల్ ఫిట్’ అని రాస్తే కొనేవాళ్లకు ఏమీ తెలియదు. ఎవరికైనా తొడిగి, వాళ్ల ఒంటి కొలతలు రాసుకుని, మూడు పనులు చేయించండి: పై బొత్తం పెట్టి తల తిప్పడం, కుర్చీలో కూర్చోవడం, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచడం. కంటికి కనిపించిందే రాయండి. నేను మా బావమరిదికి తొడిగి రాసింది ఇది:

“తెల్ల కాటన్ ఫుల్ హ్యాండ్స్ షర్టు. లేబుల్ సైజు 40 (కాలర్ సెంటీమీటర్లలో). షర్టు కొలతలు: కాలర్ 15¾ అంగుళాలు, ఛాతీ చుట్టూ 43, చేయి భుజం కుట్టు నుంచి 25, భుజం 18. తొడుక్కున్న వ్యక్తి మెడ 15¼, ఛాతీ 39. పై బొత్తం పెట్టాక కాలర్‌లో రెండు వేళ్లు పడుతున్నాయి. కూర్చుంటే బొత్తాల దగ్గర లాగడం లేదు. చేతులు చాస్తే కఫ్ మణికట్టు పైకి అంగుళం జరుగుతోంది, టక్ మాత్రం ఊడలేదు. ఛాతీ 40 ఉన్నవారికి దగ్గరగా ఉంటుంది, 41 ఉంటే పై సైజు తీసుకోండి.”

మా వైపు ఉక్కపోతకు కాటన్ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుంటుంది. అందుకే పొద్దంతా తిరిగే ఉద్యోగమైతే నాలుగు అంగుళాల వదులుకు తక్కువ తీసుకోవద్దని కింద ఒక ముక్క రాస్తాను.

ఉతికితే పొట్టి కాదని లేబుల్ మీద లేని కాటన్ అయితే ఒక షర్టును ఉతికి, ఆరేసి మళ్లీ కొలవండి. మూడు శాతం కుదించుకుపోయినా 16 కాలర్ పదిహేనున్నరకు వస్తుంది. అప్పుడు రెండు కొలతలూ రాయండి, కొత్తప్పుడు ఇంత, ఉతికాక ఇంత అని.