నిర్మాణంలో పెరిగిన వంద కోట్ల గిరాకీ కరెంటు దాకా ఎలా పాకుతుంది? (ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక: 3వ పాఠం)

పోయిన పాఠంలో పట్టిక చదవడం నేర్చుకున్నాం. అడ్డువరసలో ఒక రంగం సరుకు ఎవరెవరికి వెళ్లిందో, నిలువువరసలో ఆ రంగం ఎవరి దగ్గర ఏం కొన్నదో ఉంటుంది. ఈసారి దానితో లెక్క చేద్దాం. ఈ అంకెలు సాధన కోసం వేసుకున్నవి, కోట్ల రూపాయల్లో.

| అమ్మేది | నిర్మాణం | సిమెంట్ | విద్యుత్ | తుది గిరాకీ | మొత్తం ఉత్పత్తి |
|---|---|---|---|---|---|
| నిర్మాణం | 0 | 0 | 25 | 975 | 1000 |
| సిమెంట్ | 200 | 0 | 0 | 200 | 400 |
| విద్యుత్ | 20 | 100 | 50 | 330 | 500 |

విద్యుత్ తన దగ్గర తానే 50 కొనడం చూసి కంగారు పడకండి. కేంద్రంలోని పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు తిరగడానికి కొంత కరెంటు అక్కడే ఖర్చవుతుంది.

మొదటి పని గుణకాలు తీయడం. ప్రతి నిలువువరసను ఆ రంగం మొత్తం ఉత్పత్తితో భాగించాలి. నిర్మాణానికి సిమెంట్ 0.20, విద్యుత్ 0.02. సిమెంట్‌కు విద్యుత్ 0.25. విద్యుత్‌కు నిర్మాణం 0.05, విద్యుత్ 0.10. మిగతావి సున్నాలు. ఇదే A మాత్రిక.

ఇప్పుడు నిర్మాణానికి గిరాకీ 100 పెరిగిందనుకుందాం. ముందు చేత్తోనే చేయండి. మొదటి విడతలో సిమెంట్ 20, కరెంటు 2 కావాలి. ఆ 20 సిమెంట్ తయారవ్వాలంటే మరో 5 కరెంటు, ఆ 2 కరెంటుకు 0.2 కరెంటు, 0.1 నిర్మాణం కావాలి. మూడో విడతకు కరెంటు 0.52 దగ్గరికి వచ్చేస్తుంది. ఇలా విడత విడతకూ చిన్నదవుతూ పోయే వరసంతా కలిపి ఒకేసారి ఇచ్చేదే గుణక మాత్రిక, అంటే I − A కి విలోమం. I అంటే వికర్ణంలో ఒకట్లు, మిగతా చోట్ల సున్నాలు ఉండే మాత్రిక. ఈ పద్ధతిని నిలబెట్టిన వాసిలీ లియోంటిఫ్‌కు 1973లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

స్ప్రెడ్‌షీట్‌లో A ని B2:D4 లో, అదనపు గిరాకీని (100, 0, 0) F2:F4 లో పెట్టండి. H2:H4 ఎంచుకుని ఇది రాసి Ctrl+Shift+Enter నొక్కండి:

```
=MMULT(MINVERSE(MUNIT(3)-B2:D4),F2:F4)
```

నిర్మాణం 100.39, సిమెంట్ 20.08, విద్యుత్ 7.81 వస్తాయి. నిర్మాణం నేరుగా కొన్న కరెంటు 2 మాత్రమే. అసలు పెరిగింది దానికి దాదాపు నాలుగు రెట్లు, అందులో ఎక్కువ భాగం సిమెంట్ బస్తాల్లో దాగి వచ్చింది. నాకు ఈ పద్ధతి విలువ తెలిసేది ఇక్కడే.

చాలామంది పొరపాటున అడ్డువరస మొత్తంతో భాగిస్తారు. పట్టుకోవడం తేలికే. F2:F4 లో పాత తుది గిరాకీ 975, 200, 330 పెట్టి చూడండి. 1000, 400, 500 తిరిగి రావాలి. రాకపోతే A తప్పు.

ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. మూడూ కలిపితే 128.28 కాబట్టి "వంద పెడితే ఆదాయం 128 అయింది" అనేస్తారు. అది ఉత్పత్తి విలువ, ఆదాయం కాదు. సిమెంట్ ధర ఇంటి ధరలో మళ్లీ లెక్కకు వచ్చింది. ప్రతి రంగంలోనూ కొన్న సరుకు పోగా మిగిలే జీతాలు, లాభాలు, పన్నుల వాటా నిర్మాణంలో 0.78, సిమెంట్‌లో 0.75, విద్యుత్‌లో 0.85. వీటితో హెచ్చిస్తే 78.30, 15.06, 6.64. మొత్తం కచ్చితంగా 100. మన పట్టికలో బయటి నుంచి కొన్నదేమీ లేదు కనుక అంతే రావాలి.

బయటి సరుకు ఉంటే ఇది తగ్గుతుంది. హైదరాబాద్‌లో కట్టే ఇంటికి జగ్గయ్యపేట సిమెంట్ వాడితే, దేశం పట్టికలో అది సొంత సరుకు, తెలంగాణ పట్టికలో దిగుమతి. నిర్మాణం కొనే సిమెంట్‌లో సగం అలా వస్తుందనుకుని 0.20 బదులు 0.10 పెట్టండి. సిమెంట్ పెరుగుదల 10.03 కి, కరెంటు 5.01 కి పడిపోతాయి. ఆదాయం 90 దగ్గర ఆగుతుంది, మిగతా 10 రాష్ట్రం దాటిపోయింది. అందుకే దేశం గుణకాలను రాష్ట్రానికి అలాగే అంటించడం నేను ఒప్పుకోను.

ఈ లెక్క ఫ్యాక్టరీల్లో ఖాళీ సామర్థ్యం ఉందనీ, గుణకాలు మారవనీ అనుకుంటుంది. బట్టీలన్నీ ఇప్పటికే నిండుగా నడుస్తుంటే ఉత్పత్తికి బదులు సిమెంట్ ధర పెరుగుతుంది, ఆ సంగతి ఈ మాత్రికకు తెలియదు.

వచ్చే పాఠంలో ఉద్యోగాల లెక్క. ఈలోగా, మొదటి A తోనే సిమెంట్‌కు గిరాకీ 100 పెంచి చూడండి. విద్యుత్ 27.89 రావాలి.