స్తంభాల కొలతలు ఖరారు చేసే ముందు: నడిమి స్తంభం వాటా సరిచూసుకోండి

ఈ మధ్య మూడు స్లాబులు పోసిన ఒక కట్టడాన్ని పరిశీలించడానికి వెళ్లాను. మూలల్లోని స్తంభాలు చెక్కుచెదరలేదు. కింది అంతస్తులో నట్టనడుమ ఉన్న స్తంభానికి మాత్రం నిలువునా పగుళ్లు వచ్చి, కవరు కాంక్రీటు పెచ్చులూడి, కడ్డీలు బయటపడ్డాయి. లెక్కల కాగితం తెప్పించి చూస్తే, మొత్తం బరువును తొమ్మిది స్తంభాలకూ సమానంగా పంచారు. నేను పదే పదే చూస్తున్న తప్పు ఇదే.

ఒకవైపు 4, మరోవైపు 6 మీటర్ల గళ్లు నాలుగు ఉన్న అంతస్తును తీసుకుందాం. వైశాల్యం 96 చదరపు మీటర్లు, స్తంభాలు 9. భాగిస్తే ఒక్కోదానికి 10.67 వస్తుంది. అలా కాకుండా, ప్రతి రెండు స్తంభాల నడుమ సగం దూరంలో గీత గీస్తే ఒక్కో స్తంభం మోసే స్లాబు వాటా, అంటే ట్రిబ్యూటరీ ఏరియా, తేలుతుంది: మూల స్తంభానికి 6, అంచు స్తంభానికి 12, నడిమి స్తంభానికి 24. చదరపు మీటరుకు 6 కిలోన్యూటన్ల చొప్పున మూడు స్లాబులకు నడిమి స్తంభం మీద పడేది 432 కిలోన్యూటన్లు. సగటు లెక్క చూపేది 192 మాత్రమే. మొత్తం కూడి సరిచూశామని ధీమా పడవద్దు, ఎందుకంటే తప్పు లెక్కలోనూ మొత్తం 96 చదరపు మీటర్లే వస్తుంది.

బరువు దిగే దారిలో నడిచి చూస్తే ఈ 24 ఎక్కడిదో తెలుస్తుంది. గడి మూలల నుంచి 45 డిగ్రీల గీతలు గీస్తే పొట్టి బీముకు 4 చదరపు మీటర్ల త్రిభుజం, పొడవు బీముకు 8 చదరపు మీటర్ల ట్రెపీజియం వస్తాయి. లోపలి బీముకు రెండు వైపుల నుంచీ బరువు వస్తుంది కాబట్టి ఇవి 8, 16 అవుతాయి. ప్రతి బీమూ తన బరువులో సగాన్ని నడిమి స్తంభానికి దింపుతుంది: రెండు పొడవు బీముల నుంచి 16, రెండు పొట్టి బీముల నుంచి 8.

ఇది కూడా తక్కువ అంచనాయే కావచ్చు. రెండు సమాన స్పానుల మీదుగా తెగకుండా సాగే బీము, నడిమి ఆధారం మీద ఈ లెక్క కన్నా దాదాపు పావు వంతు ఎక్కువ బరువు వేయగలదు.

బీముల సొంత బరువు, గోడల బరువు విడిగా కలపండి. పైకప్పు స్లాబును మరవకండి. గోడ ఏ బీము మీద కూర్చుంటుందో ముందే చూడండి. కింద హాలు కోసం ఒక స్తంభాన్ని తీసేయమంటే ఒప్పుకోకండి, దాని వాటా పక్క స్తంభాల మీదికి, వాటి పునాదుల మీదికి పోతుంది. పై అంతస్తులో స్తంభాన్ని పక్కకు జరపకండి. నడిమి స్తంభం పునాదిని మూల పునాది కొలతతో తవ్వించకండి. మళ్లీ చెబుతున్నాను, తొమ్మిదితో భాగించకండి.